ఎవరి నుదురు, ఎవరి ముంగురులు

2016 అక్టోబరులో ‘నాగరహావు’ అనే కన్నడ సినిమా బెంగళూరు థియేటర్లకు వచ్చింది. అందులో తెరమీద కనిపించిన విష్ణువర్ధన్ 2009 డిసెంబరు 30నే చనిపోయారు. దర్శకుడు మన కోడి రామకృష్ణ. గ్రాఫిక్స్ హైదరాబాద్ వాళ్లవి, ‘ఈగ’కు పనిచేసిన మకుట సంస్థ చేసింది. వేరే మనిషి నటిస్తే, అతని ఒంటి మీద కంప్యూటర్లో తయారుచేసిన విష్ణువర్ధన్ తలను కూర్చారు.

తలను, అంటే జుట్టుతో సహా. మాలాంటి కంపోజిటింగ్ పనివాళ్లకు ముఖం వేరు, తల వేరు. తల మొత్తం మార్చేస్తే అతుకు మెడ దగ్గరకు పోతుంది. అక్కడ చొక్కా కాలరో, హారమో, నీడో సాయపడుతుంది. కానీ కంప్యూటర్లో జుట్టును పుట్టించి, అది గాలికి కదిలేలా, వెలుతురుకు మెరిసేలా చేయడం డబ్బున్న సినిమాలు చేసే పని. చిన్న బడ్జెట్ వాళ్లం ముఖం మాత్రమే మారుస్తాం. జుట్టు డూప్‌ది డూప్‌కే ఉంచేస్తాం. అప్పుడు అతుకు గడ్డం చుట్టూ, చెంపల పక్కన, నుదుటి మీద పడుతుంది. గడ్డం, చెంపలు పెద్దగా ఇబ్బంది పెట్టవు. ఇద్దరి జుట్టు తీరు వేరైతే ఏడిపించేదల్లా నుదురే.

నుదురు చిన్న జాగా కాదు. మన శిల్పశాస్త్రం ముఖాన్ని 12 అంగుళాలుగా లెక్కగట్టి, జుట్టు మొదలు నుంచి కనుబొమ్మల దాకా 4, ముక్కుకు 4, ముక్కు కింది నుంచి గడ్డం దాకా 4 అని పంచింది. అంటే ముఖంలో మూడోవంతు. అంత జాగాను ముఖం మార్చే పద్ధతులు చాలాకాలం ముఖంలో భాగంగానే చూడలేదు. ముఖం ఆనవాళ్లు పట్టడానికి ఎక్కువగా వాడుతూ వచ్చిన 68 చుక్కల పద్ధతినే తీసుకోండి. దవడ అంచుకు 17 చుక్కలు, రెండు కనుబొమ్మలకు కలిపి 10, మిగతావి ముక్కుకు, కళ్లకు, పెదాలకు. కనుబొమ్మల పైన ఒక్క చుక్క కూడా లేదు. కారణం తెలిసిందే. కనుకొలకుకు, పెదవి మూలకు ఒక కచ్చితమైన చోటుంది. నుదుటికి అలాంటి గుర్తేదీ లేదు, దాని పైఅంచు జుట్టును బట్టి మారిపోతుంది. ఒకరికి జుట్టు ముందుకు దిగి ఉంటుంది, ఒకరికి వెనక్కి జరిగి ఉంటుంది, తిరుపతి వెళ్లి గుండు చేయించుకొచ్చినవాళ్లకు అంచే ఉండదు. కాబట్టి ముసుగు, అంటే మేం మాస్క్ అనేది, నుదుటి మీద ఎక్కడ ఆగాలో చుక్కలు చెప్పవు. మనమే తేల్చుకోవాలి.

నేను ఒకసారి తేల్చుకోవలసి వచ్చిన సంగతి చెబుతాను. బెంగళూరులో మారతహళ్లి వైపు ఉండే తెలుగు మిత్రులం కొందరం ఓ పొట్టి సినిమా తీశాం. కథానాయిక వేసినమ్మాయి నుదుటి మీద సగం దాకా జుట్టు కత్తిరించుకుని ఉంటుంది. బ్యాంగ్స్ అంటారే, మన పాత మాటలో ముంగురులు. ముంగురులంటే వాటంతటవి జారిపడే కురులు, ఇవి పార్లర్లో డబ్బిచ్చి కత్తిరింపించినవి, అంతే తేడా. షూటింగ్ అయ్యాక ఆమె చదువుకు విదేశం వెళ్లిపోయింది. తర్వాత ఎడిటింగ్‌లో, కాలేజీ రోజుల ముచ్చట ఒకటి తగ్గిందని తేలింది. తలదువ్వి జడ వేసుకుని, బొట్టు పెట్టుకుని, వరండాలో నడిచొచ్చి కెమెరా వైపు తల తిప్పే 9 సెకన్ల షాట్. అదే ఒడ్డూ పొడవూ ఉన్న ఇంకో అమ్మాయితో తీశాం. ఇద్దరి ఒప్పుకోలూ కాగితం మీద రాయించుకున్నాం. ఇక ముఖం మార్చడమే మిగిలింది. సెకనుకు 24 చొప్పున 216 ఫ్రేములు.

మేం వాడింది డీప్‌ఫేస్‌ల్యాబ్. అది పనిచేసే తీరును ఇలా ఊహించుకోవచ్చు. ఒక చదువరి ఉంటాడు, ఇద్దరు చిత్రకారులు ఉంటారు. ఎవరి ఫొటో ఇచ్చినా చదువరి అందులోని చూపు, నోటి కదలిక, తల ఒంపు, వెలుతురు ఇవన్నీ క్లుప్తంగా రాసిస్తాడు. మొదటి చిత్రకారుడు ఆ చీటీ చూసి ఎప్పుడూ నాయిక బొమ్మే గీస్తాడు, రెండోవాడు ఎప్పుడూ డూప్ బొమ్మే గీస్తాడు. వేలాది బొమ్మలు గీసి తప్పులు దిద్దుకోవడమే వాళ్ల చదువు. చివర్లో డూప్ ఫ్రేము చూసి చదువరి రాసిన చీటీని మనం నాయికను గీసే వాడి చేతికిస్తాం. డూప్ నవ్విన నవ్వు నాయిక ముఖం మీద వస్తుంది.

చిక్కు ఇక్కడే ఉంది. నాయికను గీసే చిత్రకారుడు ఆమె నుదురు పూర్తిగా ఒక్కసారి కూడా చూడలేదు. షూటింగ్‌లో తీసిందంతా ముంగురులతోనే. నేను ముఖం రకం అడిగినచోట నుదురంతా పట్టే `wf` ఎంచుకున్నాను. మొదటిసారి వచ్చిన ఫలితం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డూప్ తల నున్నగా దువ్వి ఉంది, ఆ జుట్టు కింద, నుదుటి మీద, నల్లటి పొగలాంటి మరకలు. చిత్రకారుడు తనకు తెలిసిన ముంగురులనే గీశాడు. మనిషి తల తిప్పితే నిజమైన ముంగురులు ఒక్క క్షణం ఆలస్యంగా ఊగుతాయి. ఇవి చర్మానికి అంటించిన స్టిక్కర్‌లా తలతోపాటే తిరిగాయి, ఫ్రేము ఫ్రేముకూ కొంచెం చొప్పున కరిగి మళ్లీ పుట్టాయి.

జుట్టును తప్పించి నేర్పితే సరిపోతుంది కదా అని మీకు తోచవచ్చు. నాకూ అదే తోచింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో XSeg అనే భాగం ఉంది. కొన్ని పదుల ఫ్రేముల్లో ముఖం చుట్టూ గీత గీసి, అడ్డొచ్చిన జుట్టునూ చేతినీ కళ్లజోడునూ మినహాయిస్తే, మిగతా ఫ్రేములకు అదే గీసుకోవడం నేర్చుకుంటుంది. నాయిక ఫ్రేములన్నింటిలో ముంగురులను మినహాయించి మళ్లీ మొదటి నుంచి నేర్పించాను. ఒకటిన్నర రోజు యంత్రం తిరిగింది. నల్లమరకలు పోయాయి, వాటి చోట బూడిద రంగు మసక వచ్చింది. తప్పు నాదే. చూడవద్దని చెప్పిన చోట ఏం గీయాలో ఎవరైనా ఎలా నేర్చుకుంటారు?

అప్పుడు మిగిలిన దారి వెనక్కి తగ్గడం. ముసుగును కనుబొమ్మల పైన రెండు వేళ్ల దూరంలో ఆపేశాను. కనుబొమ్మలు నాయికవి, ఆ పై నుదురు, జుట్టు డూప్‌వి. కనుబొమ్మలను మాత్రం వదులుకోకూడదు, మనిషిని గుర్తుపట్టడంలో వాటి పాత్ర చాలా పెద్దది. ఈ పద్ధతి చాలా షాట్లకు చాలు. నిలకడగా ఉన్న షాట్లో, మెత్తటి వెలుతురులో, రెండు చర్మాల రంగు సరిచేసి, అతుకును ఓ 40 పిక్సెళ్ల మేర పలచబరిస్తే ఎవరూ పట్టలేరు.

మా షాట్లో అది నిలవలేదు. వరండాలో వెలుతురు పైనుంచి, పక్కనుంచి వస్తోంది. నుదురు విశాలంగా ముందుకు ఉబ్బి ఉంటుంది, మెరుపు ఎక్కువగా దాని నడిమీదే పడుతుంది. నా అతుకు సరిగ్గా ఆ మెరుపు మీదుగా వెళ్లింది. పైసగం డూప్ చర్మపు జిడ్డు మెరుపు, కిందిసగం చిత్రకారుడు నున్నగా గీసిన పౌడరు చర్మం. తల తిప్పుతున్నప్పుడు మెరుపు కదులుతుంది, అతుకు కదలదు. దానికి తోడు డూప్ అమ్మాయి ఆ క్షణంలో ఆశ్చర్యంగా కనుబొమ్మలెత్తింది. అలా ఎత్తినప్పుడు నుదుటి కండరం చర్మాన్ని పైకి లాగి అడ్డంగా ముడతలు తెస్తుంది. పై ముడతలు ఉన్నాయి, కింది ముడత సగంలో మాయమైంది.

ఇంకొకటి, విదేశీ పాఠాల్లో ఎక్కడా దొరకని చిక్కు, బొట్టు. డూప్ పెట్టుకున్న ఎర్రబొట్టు ముసుగు లోపల పడింది. నాయిక తన ఫ్రేముల్లో ఒకచోట నల్ల స్టిక్కరు పెట్టుకుంది, ఇంకోచోట అసలు పెట్టుకోలేదు. చిత్రకారుడు రెండింటికీ మధ్యస్థంగా గోధుమరంగు మచ్చ ఒకటి పెట్టాడు, అది వెలిగీ ఆరీ ఆడుతుంది. బొట్టు చుట్టూ ముసుగులో చిన్న రంధ్రం తెరిచి డూప్ బొట్టునే పైకి రానిచ్చాను. విభూతికి ఇది కుదరదు, అది చర్మంలో కలిసిపోయి ఉంటుంది కాబట్టి అంచు దొరకదు. విభూతి, నామం, పాపిటబిళ్ల ఉన్న షాట్లకు నా సలహా ఒకటే. అవి లేకుండా తీసి, తర్వాత పైన వేసుకోండి.

చివరికి పరిష్కారం ఫోన్లో వచ్చింది. నాయికకు కబురు పెట్టి, ముంగురులను క్లిప్పులతో వెనక్కి బిగించి, కిటికీ పక్కన నిలబడి, తల నెమ్మదిగా అటూ ఇటూ తిప్పుతూ, కనుబొమ్మలెత్తుతూ, నవ్వుతూ రెండు నిమిషాల వీడియో తీసి పంపమన్నాను. సెకనుకు 30 ఫ్రేముల లెక్కన అది 3,600 బొమ్మలు. చిత్రకారుడికి నుదురంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ముసుగును జుట్టు అంచు దాకా తీసుకెళ్లగలిగాను, అతుకు మెరుపు మీది నుంచి జుట్టు మొదట్లోకి జరిగింది. అక్కడ చర్మానికీ జుట్టుకూ ఎలాగూ రంగు తేడా ఉంటుంది, కన్ను అక్కడ గీత కోసం ఎదురుచూస్తుంది. ఒకే ఒక్క తేడా మిగిలింది. నాయిక నుదురు డూప్ నుదురు కంటే కొంచెం ఎత్తు. ఆమె జుట్టు అంచు డూప్ జుట్టు కిందికి పోయి దాక్కుంది, అది మంచిదే. అదే తలకిందులై, డూప్ నుదురు ఎత్తుగా ఉంటే, మధ్యలో ఎవరిదీ కాని చర్మపు పట్టీ ఒకటి మిగిలేది. అలాంటప్పుడు డూప్ జుట్టునే కొంచెం ముందుకు దువ్వి తీయడం ఉత్తమం. మేకప్ గదిలో అయిదు నిమిషాల పని.

ఎదురు సమస్య కూడా చెప్పాలి. ముఖమిచ్చేవారికి నుదురు తెరిచి ఉండి, డూప్‌కు ముంగురులున్నాయనుకోండి. చూడటానికి ఇది సులువు. డూప్ ముంగురులను ముసుగులోంచి మినహాయిస్తే అవి కొత్త ముఖం మీద అలాగే వాలి ఉంటాయి. దట్టంగా, ఒక పట్టీలా ఉంటే నిజంగానే సులువు. పలచగా విడివిడిగా పడ్డప్పుడు లెక్క మారుతుంది. ఫుల్ హెచ్‌డీ ఫ్రేములో 18 సెంటీమీటర్ల ముఖం 360 పిక్సెళ్ల ఎత్తుంటే, ఒక పిక్సెల్ అర మిల్లీమీటరు. వెంట్రుక మందం 0.07 మిల్లీమీటరు ప్రాంతం, అంటే పిక్సెల్‌లో ఏడోవంతు. ఆ పిక్సెల్ నల్లగా ఉండదు, చర్మం రంగులో కొద్దిగా నలుపు కలిసి ఉంటుంది. దాన్ని జుట్టు అనీ చెప్పలేం, చర్మం అనీ చెప్పలేం. కాబట్టి ఉందీ లేదూ అని తేల్చే ముసుగు పనికిరాదు, ఎంత పాలు ఉందో చెప్పే మ్యాట్ కావాలి. 1984లో పోర్టర్, డఫ్ అనే ఇద్దరు సూత్రీకరించిన కంపోజిటింగ్ లెక్కే ఇప్పటికీ వాడతాం:

```
C = αF + (1 − α)B
```

ఇక్కడ F ముందున్న జుట్టు రంగు, B వెనకున్న చర్మం రంగు, α జుట్టు పాలు. పై లెక్కలోని వెంట్రుకకు α దాదాపు 0.14. పాత చర్మం రంగును తీసేసి కొత్త చర్మం రంగును B స్థానంలో పెట్టాలి. తీసేయకుండా పైన పెడితే వెంట్రుక చుట్టూ డూప్ చర్మపు రంగు సన్నటి అంచుగా మిగిలి, జుట్టుకు పసుపో ఎరుపో పూసినట్టు కనిపిస్తుంది. పైగా మామూలు వీడియో ఫైళ్లలో వెలుతురు సమాచారం పూర్తిగా ఉంటుంది గానీ, రంగు సమాచారం అడ్డంగా సగం, నిలువుగా సగమే ఉంటుంది. వెంట్రుక అంచున రంగును నమ్మడానికి లేదు.

మ్యాట్ బాగా కుదిరినా ముంగురులు గాల్లో తేలుతున్నట్టుంటాయి, ఎందుకో మొదట్లో తోచదు. కారణం నీడ. ముంగురులు నుదుటి మీద మెత్తటి నీడ వేస్తాయి. పాత నుదురును తీసేసినప్పుడు ఆ నీడ కూడా దాంతోపాటే పోయింది. డూప్ నుదుటిలోంచి వెలుతురు తగ్గుదలను మాత్రం విడదీసి, కొత్త నుదుటి మీద గుణించాలి. అతుకులు కలపడానికి చాలామంది వాడే `cv2.seamlessClone` కూడా ఇక్కడ మోసం చేస్తుంది. దాని వెనకున్నది 2003లో పెరెజ్, గాంగ్నే, బ్లేక్ ప్రచురించిన పద్ధతి. అతికించే ముక్కలో పక్కపక్క పిక్సెళ్ల మధ్య తేడాలను మాత్రం ఉంచి, అసలు రంగులను అంచు దగ్గరి పాత బొమ్మ నుంచి తీసుకుంటుంది. అంచు చర్మం మీద ఉంటే అద్భుతం. అంచు జుట్టును తాకిందా, ఆ నలుపే సరైన రంగనుకుని లోపలికి పాకిస్తుంది, నుదురంతా కమిలినట్టవుతుంది. అంచును ఒక వేలెడు లోపలికి జరిపితే తగ్గుతుంది.

ఈ పనిలో తప్పులు ఎక్కడ వస్తాయో తెలిస్తే, మోసపు వీడియోల్లోనూ ఎక్కడ చూడాలో తెలుస్తుంది. 2023 నవంబరులో రష్మిక మందన్న ముఖంతో లిఫ్టులోకి వస్తున్న అమ్మాయి వీడియో దేశమంతా తిరిగింది. రష్మికది కొడగు, చదివింది బెంగళూరులో, మనకు తెలుగు సినిమాల ద్వారా తెలుసు. ఆమెకు ఆ వీడియో గురించి ఏమీ తెలియదు. ఒళ్లు మరొక యువతిది. ఆమె అనుమతీ లేదు. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న నిందితుడిది గుంటూరు జిల్లా. ఆ వీడియో గుట్టు విప్పింది ఆరంభంలోని ఓ క్షణం. లిఫ్టు తలుపులో అడుగుపెడుతున్నప్పుడు అసలు యువతి ముఖమే కనిపించి, ఆ వెంటనే మారిపోతుంది. తల ఎటో తిరిగి ఉన్నా, ముఖానికి ఏదో అడ్డొచ్చినా ఇలాంటి జారుడు జరుగుతుంది. చెయ్యి నుదుటి మీదుగా పోయినప్పుడు, జుట్టు వెనక్కి తోసుకున్నప్పుడు, తల పక్కకు తిరిగినప్పుడు కనుబొమ్మలకూ జుట్టుకూ మధ్య జాగా చూడండి. అయితే వాట్సాప్‌లో పది చేతులు మారి నలిగిన వీడియోలో ఆ ఆనవాళ్లు మసకలో కలిసిపోతాయి. తల మొత్తం మార్చిన దాంట్లో నుదుటి అతుకే ఉండదు. అక్కడ ఏమీ కనపడలేదంటే అసలుదని కాదు.

జుట్టుకు ఎంత బలముందో 1996లో పవన్ సిన్హా, టొమాసో పోజియో ‘నేచర్’ పత్రికలో ఒక చమత్కారంతో చూపించారు. అమెరికా అధ్యక్షుడు క్లింటన్, ఉపాధ్యక్షుడు గోర్ పక్కపక్కన నిలబడ్డ ఫొటో. చూసినవాళ్లలో చాలామంది క్లింటన్, గోర్ అనే అనుకున్నారు. నిజానికి రెండు ముఖాల్లోనూ కళ్లు, ముక్కు, నోరు క్లింటన్‌వే. గోర్‌ను గోర్‌గా నిలబెట్టింది జుట్టు, తల ఆకారం, నిలబడిన చోటు. అందుకే ముఖం ఎంత బాగా మార్చినా, జుట్టు డూప్‌దైతే కొందరికి డూప్ మనిషే కనిపిస్తుంది.

మా పొట్టి సినిమాను ఓ ఆదివారం మిత్రుడి ఇంట్లో గోడమీద వేసి చూశాం. నేను నుదురు అతుకు కనిపిస్తుందేమోనని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. నాయిక వాళ్లమ్మగారు కూడా వచ్చారు. ఆ 9 సెకన్లు అయిపోయాక ఆవిడ నా వైపు తిరిగి అడిగారు.

“బాబూ, ఇది మా అమ్మాయేనా?”

“ముఖం మీ అమ్మాయిదేనండీ. ఏం, నుదురు తేడాగా ఉందా?”

“నుదురు బాగానే ఉంది. మా పిల్ల పాపిట నడిమికి తీస్తుంది. ఈ అమ్మాయి పక్కకు తీసుకుంది.”